ఎత్తైన బైకు మీద మడమలు నేలకు ఆనాలంటే

మోటార్‌సైకిల్ వివరాల పట్టికలో కనిపించే సీటు ఎత్తు అంటే, ఎవరూ ఎక్కని బండి నిటారుగా నిలబడి ఉన్నప్పుడు, నేల నుంచి నడిపేవారు కూర్చునే పల్లపు చోటు వరకు ఉన్న కొలత. 2023 నవంబరులో మార్కెట్లోకి వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450కి ఇది 825 మిల్లీమీటర్లు. అదే కంపెనీ క్లాసిక్ 350కి 805, మీటియర్ 350కి 765. అంకెల్లో చూస్తే హిమాలయన్‌కు, క్లాసిక్‌కు మధ్య తేడా రెండు సెంటీమీటర్లే. అయినా ఐదడుగుల నాలుగంగుళాల మనిషి షోరూంలో క్లాసిక్ మీద నిబ్బరంగా కూర్చుని, హిమాలయన్ ఎక్కగానే మునివేళ్ల మీద నిలబడి సేల్స్‌మన్ వైపు బెరుకుగా చూస్తాడు. ఆ రెండు సెంటీమీటర్ల అంకె చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, బండి ఎంత కిందికి దిగుతుందన్నది. హిమాలయన్ 450 చక్రాలు ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల మేర పైకీ కిందికీ ఆడగలవు. మనిషి కూర్చోగానే ఆ స్ప్రింగులు కొంత నొక్కుకుపోయి సీటు దిగుతుంది. బరువైన మనిషికి ఎక్కువ దిగుతుంది, తేలికైన మనిషికి తక్కువ. పొట్టిగా ఉన్నవారు చాలావరకు తేలికగా కూడా ఉంటారు కాబట్టి వారికి దెబ్బ రెండు వైపులా తగులుతుంది. రెండోది సీటు వెడల్పు. కాళ్లు సీటు అంచులను చుట్టుకుని పక్కలకు జరిగి నేలను వెతుక్కోవాలి. వెడల్పు పెరిగినకొద్దీ కాలి పొడవులో కొంత పక్కకు ఖర్చయిపోతుంది. పొట్టి రైడర్లకు సీటు ఎత్తు కంటే ఈ వెడల్పే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని చెప్పినా తప్పు కాదు.

మూడోది బరువు. హిమాలయన్ 450 ట్యాంకులో తొంభై శాతం పెట్రోలుతో 196 కిలోలు తూగుతుంది. నిటారుగా ఉన్నంతసేపు ఈ బరువంతా టైర్లే మోస్తాయి, మనిషి మోయాల్సింది దాదాపు ఏమీ లేదు. ఒరిగినప్పుడే లెక్క మారుతుంది. బండి బరువు కేంద్రం హ్యాండిల్ ఎత్తులో సగానికి కాస్త పైన ఉందనుకుంటే, ఐదు డిగ్రీలు ఒరిగిన బండిని హ్యాండిల్ దగ్గర పట్టి ఆపడానికి తొమ్మిది కిలోల బలం చాలు. పదిహేను డిగ్రీలు ఒరిగితే దాదాపు ఇరవై ఎనిమిది కిలోలు కావాలి. మునివేళ్ల మీద నిలబడినప్పుడు వచ్చే అసలు చిక్కు ఇదే. పాదం పూర్తిగా ఆనినవాడు బండి రెండు మూడు డిగ్రీలు కదలగానే దాన్ని వెనక్కి నెడతాడు. వేళ్లు మాత్రమే ఆనినవాడికి ఆ నెట్టే పట్టు దొరికేలోపే బండి పది డిగ్రీలు దాటిపోతుంది. అందుకే ఎత్తైన బండ్లు పడిపోయేది ఎక్కువగా వేగంలో కాదు, పెట్రోలు బంకు దగ్గర, ఇంటి ముందు గేటు దగ్గర, ఘాట్ రోడ్డు మలుపులో ముందున్న లారీ ఆగినప్పుడు.

దీన్నిబట్టి రెండు మడమలూ నేలకు పూర్తిగా ఆనితీరాలన్న నియమం ఏమీ లేదని తెలుస్తుంది. రెండు పాదాల ముందు భాగం గట్టిగా ఆనినా, కాస్త పక్కకు జరిగితే ఒక పాదం పూర్తిగా ఆనినా హిమాలయన్ లాంటి బండిని నిశ్చింతగా ఆపవచ్చు. కేవలం బొటనవేలి కొసలు తగులుతూ ఉంటే మాత్రం ఏదో ఒకటి చేయాల్సిందే. ఏం చేయాలో తేలాలంటే ముందు కొలతలు తీయాలి.

కాలి లోపలి కొలత తీసే పద్ధతి తేలిక. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సైకిల్ సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కాలి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు ఉన్నదే కొలత. ప్యాంటు కోసం దర్జీ తీసే కొలత దీనికన్నా కొన్ని సెంటీమీటర్లు తక్కువ వస్తుంది, దాన్ని నమ్ముకోకూడదు.

ఇక లెక్క ఇలా సాగుతుంది. ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు, అరవై కిలోల బరువున్న ఒక రైడర్‌ను ఊహించుకుందాం. అతని కాలి కొలత 74 సెంటీమీటర్లు. రైడింగ్ బూటు అట్ట మూడు సెంటీమీటర్లు కలిపితే 77. బండి వైపు చూస్తే, 82.5 సెంటీమీటర్ల సీటు అతని బరువుకు స్ప్రింగుల్లో మూడు సెంటీమీటర్లు, సీటు స్పాంజి నొక్కుకోవడం వల్ల ఒకటిన్నర సెంటీమీటర్లు దిగి 78 దగ్గర ఆగుతుంది. పైపైన చూస్తే లోటు ఒక్క సెంటీమీటరే. కానీ కాలు నిట్టనిలువుగా దిగదు. సీటు అంచుల వల్ల పాదం 25 సెంటీమీటర్లు పక్కకు పోతుందనుకుంటే, స్కూల్లో చదువుకున్న లంబకోణ త్రిభుజం లెక్క ప్రకారం 77 సెంటీమీటర్ల కాలు నేల వైపు 72.8 సెంటీమీటర్లే అందుతుంది. అంటే అసలు లోటు 5.2 సెంటీమీటర్లు. మడమలు రెండూ అంత ఎత్తున గాలిలో ఉంటాయి. ఈ ఐదు సెంటీమీటర్లను ఎక్కడెక్కడ తగ్గించుకోవచ్చన్నదే అసలు పని.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, డబ్బు ఖర్చు లేనిది, సీటు ఏ స్థానంలో బిగించి ఉందన్నది. హిమాలయన్ 450 సీటుకు కంపెనీయే రెండు ఎత్తులు పెట్టింది: 825, 845. సీటు తీసి దాని అమరిక మార్చి మళ్లీ బిగిస్తే రెండు సెంటీమీటర్లు తేడా వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బండి సీటు పై స్థానంలో ఉండిపోయి, కొత్త యజమాని తన కాళ్లనే తిట్టుకుంటూ తిరిగే అవకాశం లేకపోలేదు. తర్వాతి మెట్టు కంపెనీ అమ్మే తక్కువ ఎత్తు సీటు. దాన్ని కింది స్థానంలో పెడితే ఎత్తు 805 మిల్లీమీటర్లు అవుతుంది. మన రైడర్ లోటు 3.2కి దిగింది. బండిలో మరే భాగాన్నీ ముట్టుకోలేదు కాబట్టి వారంటీకీ ఇబ్బంది లేదు.

రెండోది వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్, అంటే స్ప్రింగును ముందుగానే ఎంత నొక్కి ఉంచాలన్న అమరిక. దీని గురించి ఒక అపోహ బలంగా ఉంది. ప్రీలోడ్ తగ్గిస్తే బండి దిగుతుంది కదా, అడుగంటా తగ్గించేస్తే సరి అని చాలామంది అనుకుంటారు. ఎంత తగ్గించాలో చెప్పేది కాలి పొడవు కాదు, మనిషి బరువు. సాధారణంగా రైడర్ కూర్చున్నప్పుడు చక్రం ఆడగల దూరంలో మూడో వంతుకు కాస్త తక్కువ, అంటే 200 మిల్లీమీటర్లలో దాదాపు 60, నొక్కుకుపోవాలి. దీన్ని కొలవడానికి ఇద్దరు సాయం కావాలి. ముందు వెనక చక్రం నేలకు తగలకుండా బండిని స్టాండ్ మీద నిలిపి, ఇరుసు నుంచి దానికి సూటిగా పైన బండి మీద పెట్టుకున్న ఒక గుర్తు వరకు టేపుతో కొలవాలి. తర్వాత బండిని దించి, రైడర్ హెల్మెట్, జాకెట్, బూట్లతో సహా ఎక్కి రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్‌ల మీద పెట్టి కూర్చోవాలి. ఒకరు బండిని పట్టుకుంటే మరొకరు మళ్లీ అదే దూరం కొలవాలి. రెండు కొలతల తేడాయే స్ప్రింగు దిగిన మేర.

అరవై కిలోల రైడర్‌కు ఇది 46 వచ్చిందనుకుందాం. అతనికి స్ప్రింగు అవసరానికి మించి బిగిసి ఉందన్నమాట. ప్రీలోడ్ తగ్గించి 60కి తెస్తే వెనక ఇరుసు దగ్గర 14 మిల్లీమీటర్లు దిగుతుంది. సీటు ఇరుసుకు కాస్త ముందుంటుంది కాబట్టి అక్కడ దాదాపు పది మిల్లీమీటర్లు దిగుతుంది. లోటు ఇప్పుడు 2.2 సెంటీమీటర్లు. ఇది రాజీ పడి చేసిన మార్పు కాదు, బండి అతని బరువుకు తగినట్టు కుదిరింది, గుంతల్లో కుదుపు కూడా తగ్గుతుంది. అదే ఎనభై ఐదు కిలోల మనిషికి కొలత ముందే 70 వచ్చి ఉంటే, కాళ్లు అందకపోయినా ప్రీలోడ్ తగ్గించకూడదు. తగ్గిస్తే పెద్ద గుంతలో స్ప్రింగు చివరంటా నొక్కుకుపోయి వెనక నుంచి ఠంగుమని దెబ్బ వినిపిస్తుంది, నడుముకు తగులుతుంది. వెనక మనిషి ఎక్కినా, సామాను పెట్టెలు తగిలించినా ప్రీలోడ్‌ను మళ్లీ పెంచుకోవాలి. హిమాలయన్ 450 ముందు ఫోర్కుకు ఇలా మార్చుకునే వీలు లేదు. అందుకే వెనక భాగాన్ని అతిగా దించితే బండి ముక్కు పైకి లేచినట్టవుతుంది.

మూడోది సీటు స్పాంజి. ఊళ్లో బండి సీట్లు కుట్టే షాపుల్లో చాలామంది చేయించుకునేది ఇదే, చాలావరకు చెడగొట్టుకునేది కూడా ఇక్కడే. షాపువాడు ఎంత తగ్గించాలని అడుగుతాడు, రైడర్ రెండంగుళాలు అంటాడు, కూర్చునే చోట స్పాంజి రెండంగుళాలు కోసేస్తారు. ఇంటి దగ్గర కాళ్లు అందుతాయి, సంబరంగా ఉంటుంది. గంటన్నర ప్రయాణం తర్వాత పిరుదుల ఎముకలు సీటు అడుగున ఉన్న ప్లాస్టిక్ పలకకు తగులుతున్నట్టు తెలుస్తుంది. పలక మీద కనీసం నాలుగైదు సెంటీమీటర్ల గట్టి స్పాంజి మిగలకపోతే ఆ సీటు దూర ప్రయాణానికి పనికిరాదు. పైగా సీటు పల్లం పడితే ఫుట్‌రెస్ట్‌కు దూరం తగ్గి మోకాళ్లు ఎక్కువగా మడవాల్సి వస్తుంది. గిన్నెలా లోతుగా తవ్విన సీటులో మనిషి ఒకే చోట ఇరుక్కుపోతాడు, ముందుకూ వెనక్కూ జరగలేడు.

కోయాల్సింది పైభాగం కాదు, పక్కలు. ట్యాంకుకు ఆనుకుని ఉండే సీటు ముక్కు, తొడల లోపలి వైపు తగిలే అంచులు. కూర్చునే ఎముకల కింద స్పాంజిని ముట్టుకోకుండా, ఆ అంచుల పదును తీసి గుండ్రంగా, ముందుకు వచ్చేకొద్దీ సన్నగా చేయాలి. మన లెక్కలో పాదం 25 సెంటీమీటర్లు పక్కకు పోతోంది. అంచులు తీయడం వల్ల అది 19కి తగ్గితే, అదే 77 సెంటీమీటర్ల కాలు ఇప్పుడు నేల వైపు 74.6 సెంటీమీటర్లు అందుతుంది. ముందు కన్నా 1.8 ఎక్కువ. కూర్చునే చోట ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గలేదు, లోటు మాత్రం 2.2 నుంచి 0.4కి పడిపోయింది. నాలుగు మిల్లీమీటర్లంటే లెక్కలోకి రానంత.

ఈ పని చేయించేటప్పుడు రైడర్ దగ్గరుండాలి. ముందుగా బూట్లు వేసుకుని బండి మీద కూర్చుని, తొడలు ఎక్కడ నొక్కుకుంటున్నాయో కవరు మీద సుద్దతో గీయాలి. కవరు విప్పాక ఆ గీతలను స్పాంజి మీదికి దించి, రెండు వైపులా సమానంగా కొద్దికొద్దిగా కోస్తూ, మధ్య మధ్యలో కవరు లేకుండానే కూర్చుని చూసుకోవాలి. కోసిన స్పాంజిని మళ్లీ అతికించడం కష్టం. వీలైతే అసలు సీటు భద్రంగా దాచి, ఇంకో సీటు కొని దాన్ని కోయించడం మంచిది. బండి అమ్మేటప్పుడు ఎత్తున్నవాడు కొనడానికి వస్తే ఆ పాత సీటే పనికొస్తుంది. కవరు మళ్లీ బిగించేటప్పుడు పైన కొత్త కుట్లు పడితే వాటిలోంచి వాన నీరు స్పాంజిలోకి దిగుతుంది. రెండు రోజుల తర్వాత కూడా ప్యాంటు తడుస్తోందంటే కారణం అదే. కుట్టు తప్పనిసరైతే కవరు కింద పల్చటి ప్లాస్టిక్ పొర వేయించుకోవాలి.

మిగిలిన కొద్ది లోటును మనిషే సర్దుకోగలడు. ఆగేటప్పుడు సీటు సన్నగా ఉండే ముందు భాగానికి జరగడం, ఒక పిరుదును సీటు అంచు మీదికి జార్చి ఆ వైపు పాదాన్ని పూర్తిగా ఆనించడం, రెండో కాలిని ఫుట్‌రెస్ట్ మీదే ఉంచడం నేర్చుకోదగిన పనులు. ఎడమ పాదం దించి కుడి కాలితో వెనక బ్రేకు పట్టి ఉంచడం మామూలు అలవాటు. మన రోడ్లకు ఒక తిరకాసు ఉంది. నీరు నిలవకుండా రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల వైపు వాలుగా వేస్తారు. ఎడమ అంచు దగ్గర ఆగితే ఎడమ పాదానికి నేల మరింత లోతున ఉంటుంది. అక్కడ తారు అంచు తెగి మట్టి దిగిపోయి ఉంటే వెతుకుతున్న పాదం గాలిలోనే ఉండిపోతుంది. అంచుకు ఒక మీటరు లోపలే ఆగడం, లేదా ముందు బ్రేకు పట్టుకుని కుడి పాదం దించడం మేలు. బూటు అట్ట మందం ఒక సెంటీమీటరు పెంచుకోవచ్చు. అయితే మందపాటి బూటు గేరు లీవరు కింద దూరకపోతే లీవరు ఎత్తు కూడా సరిచేసుకోవాలి.

ఇన్ని చేసినా చాలనివారికి మిగిలింది బండినే దించడం. వెనక చక్రాన్ని షాక్ అబ్జార్బర్‌తో కలిపే లింకు పట్టీల స్థానంలో వేరే పొడవున్నవి వేస్తే వెనక భాగం పాతిక ముప్పై మిల్లీమీటర్లు దిగుతుంది. ముందు ఫోర్కు గొట్టాలను వాటి బిగింపుల్లో దాదాపు అంతే మేర పైకి జరిపితే రెండు వైపులా సమానమవుతుంది. చెప్పినంత సేపట్లో అయిపోయే పని ఇది, అందుకే ప్రమాదకరం. వెనక మాత్రమే దించి వదిలేస్తే ముందు ఫోర్కు మరింత ఏటవాలుగా నిలుస్తుంది, హ్యాండిల్ తిప్పడం మొద్దుబారుతుంది, రాత్రివేళ హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలో పడుతుంది. ముందు కూడా దించితే, ఫోర్కు పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు టైరు గానీ మడ్‌గార్డు గానీ పైన దేనికైనా తగులుతుందేమో చూసుకోవాలి. వెనక టైరు పైన మడ్‌గార్డు లోపలి భాగం మెరుస్తూ అరిగి కనిపిస్తే అక్కడ తగులుతోందని అర్థం. 230 మిల్లీమీటర్లున్న నేల ఎడం కూడా అంతే తగ్గుతుంది. రాళ్ల దారికోసమే కొన్న బండికి అది చిన్న నష్టమేమీ కాదు. సస్పెన్షన్ పని తెలిసిన మెకానిక్ చేత షాక్ లోపలే చక్రం ఆడే దూరాన్ని కుదించి, బరువుకు తగిన స్ప్రింగు వేయించడం దీనికన్నా పద్ధతైన పని. ఖర్చు మాత్రం ఎక్కువ. రెండింటిలోనూ ఆ భాగాలకు కంపెనీ వారంటీ నిరాకరించవచ్చు.

బండి దించినవారు తరచూ మరిచిపోయేది సైడ్ స్టాండ్. బండి మూడు సెంటీమీటర్లు దిగింది, స్టాండ్ పొడవు మారలేదు. దాంతో బండి స్టాండ్ మీద ఒరగకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది, చిన్న గాలికో, దాటిపోయే బస్సు ఊపుకో అవతలి వైపు పడిపోతుంది. ఎంత కోయాలో తెలుసుకోవడానికి చదునైన నేల మీద రెండు చక్రాల కింద చెక్క పలకలు పేర్చి, స్టాండ్‌ను నేల మీదే ఉంచి, బండి మునుపటిలా ఒరిగేదాకా పలకలు పెంచాలి. ఆ పలకల మందమే దాదాపుగా స్టాండ్‌లోంచి తీయాల్సిన పొడవు. స్టాండ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కోత కాస్త ఎక్కువే కావాలి, అయినా మొదట తక్కువ కోసి అతికించి చూడడమే తెలివైన పని. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ వైర్లు విప్పాలి, వీలైతే స్టాండ్‌ను బండి నుంచి పూర్తిగా ఊడదీయాలి, లేదంటే ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోవచ్చు. స్టాండ్ వేసి ఉంటే ఇంజిన్ ఆపే స్విచ్ మళ్లీ సరిగ్గా పనిచేస్తోందో లేదో కూడా చూడాలి.

చక్రాల సైజు తగ్గించడం, వెడల్పు తక్కువ టైర్లు వేయడం వంటి దారులు హిమాలయన్‌కు తగవు. ఏబీఎస్, స్పీడోమీటర్ రెండూ కంపెనీ టైరు చుట్టుకొలతను నమ్ముకుని పనిచేస్తాయి.

ఇక కొనబోయే దశలోనే ఉన్నవారికి మరో మార్గం ఉంది. హీరో ఎక్స్‌పల్స్ 200 4వి సీటు ఎత్తు కూడా సరిగ్గా 825 మిల్లీమీటర్లే. బరువు మాత్రం 160 కిలోల లోపు. పైన చెప్పిన ఒరుగు లెక్కనే దానికి వేస్తే, పదిహేను డిగ్రీల దగ్గర హ్యాండిల్ మీద పడే భారం ఇరవై ఎనిమిది నుంచి ఇరవై మూడు కిలోల లోపుకు తగ్గుతుంది. సీటు అంచులు సన్నగా ఉన్నాయో లేదో చూసి, షోరూంలో బూట్లతో, పది నిమిషాలపాటు కూర్చుని పరీక్షించడం అవసరం. కొత్త స్పాంజి మొదటి నిమిషంలో ఉన్నంత ఎత్తు పదో నిమిషానికి ఉండదు.